కోపంలో టైప్ చేసిన రాజీనామా మెసేజ్‌ను పద్ధతైన నోటీసుగా మార్చడం ఎలా?

హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల షాపుల్లో, డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో, ప్రైవేట్ స్కూళ్లలో పనిచేసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, సార్‌కు ఇట్ల రాసిన, పంపాల్నా?" చాలాసార్లు ఆ ప్రశ్న రాత్రి పదకొండు దాటాక వస్తుంది. దాని కింద ఒక పెద్ద మెసేజ్ ఉంటుంది. ఉద్యోగం మానేయాలన్న నిర్ణయం అందులో సరైనదే కావచ్చు. కానీ ఆ మెసేజ్ అలాగే వెళ్తే జీతం ఆగుతుంది, సర్టిఫికెట్ ఆగుతుంది, చివరికి తప్పంతా మనదే అన్నట్టు కనిపిస్తుంది.

అందుకే ఒక నిజమైన మెసేజ్‌ను తీసుకుని, దాన్ని లెటర్‌గా ఎలా మార్చామో మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. రాసినతను వరంగల్‌లో విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంటెంట్. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. జూన్ 2 రాత్రి అతను టైప్ చేసింది ఇది:

"సార్ ఇగ నాతోని కాదు. మూడేండ్ల సంది పొద్దున తొమ్మిదికి వచ్చి రాత్రి పదింటికి పోతున్న. ఇయ్యాల తెలంగాణ దినం సెలవైనా పనికొచ్చిన. డీలర్ల ముంగట పత్తి గింజల ప్యాకెట్లు తక్కువొచ్చినయని నన్ను దొంగ లెక్క అడిగిన్రు. గోదాం తాళమే నా దగ్గర ఉండదు. గింత అవమానం పడి పని చెయ్యాల్సిన కర్మ నాకు లేదు. రేపటి సంది రాను. మే నెల జీతం, రెండు నెలల ఇన్సెంటివ్ పైసలు రేపు సాయంత్రం లోపట ఎయ్యాలె. లేకుంటే మీ బిల్లుల ముచ్చట ఎవలకు చెప్పాల్నో వాళ్లకు చెప్త. నేను పోయినంక తెలుస్తది నా విలువ."

అదృష్టం కొద్దీ ఇంకా పంపలేదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ అపాయింట్‌మెంట్ లెటర్. అందులో నోటీసు గురించి రాసిన వాక్యం.
- చివరి జీతం స్లిప్, లేదా జీతం పడిన బ్యాంక్ ఎంట్రీ.
- మీకు ఇంకా రావాల్సిన డబ్బుల లెక్క, ఒక చిన్న కాగితం మీద.
- మీరు రోజూ, వారానికోసారి, నెలకోసారి చేసే పనుల జాబితా.
- క్యాలెండర్.
- మీ ఆఫీసుతో సంబంధం లేని, మీ కోపంలో భాగం పంచుకోని ఒక మనిషి. లెటర్ పంపే ముందు చదివి పెట్టడానికి.

అపాయింట్‌మెంట్ లెటర్ అసలు ఇవ్వలేదా? మన దగ్గర చాలా షాపుల్లో ఇవ్వరు. అప్పుడు ఒక నెల ముందు చెప్పడం మామూలు పద్ధతి. లెటర్‌లో "ఒక నెల ముందుగా తెలియజేస్తున్నాను" అని రాస్తే చాలు.

1. మెసేజ్‌ను పంపే చోటు నుంచి తీసేయండి

వాట్సాప్‌లో సార్ చాట్‌లోనే టైప్ చేసి పెట్టుకుంటే వేలు జారితే చాలు, వెళ్లిపోతుంది. మొత్తం కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకుని, చాట్‌లో ఖాళీ చేయండి. నోట్స్‌లో ఉన్నది మాత్రం డిలీట్ చేయకండి. తర్వాతి స్టెప్‌కు అదే ముడిసరుకు.

ఇప్పటికే పంపేశారా? వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల లోపు మెసేజ్‌ను ఎడిట్ చేయవచ్చు. సుమారు రెండు రోజుల దాకా Delete for everyone పనిచేస్తుంది. అయితే డిలీట్ చేసినట్టు అవతలి వాళ్లకు తెలుస్తుంది. నీలం టిక్కులు పడ్డాక డిలీట్ చేస్తే దాచిపెట్టినట్టు ఉంటుంది తప్ప లాభం లేదు, స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉండవచ్చు. చదివేశారనుకుంటే దాని కిందే ఇలా పంపండి:

"సార్, రాత్రి కోపంలో పంపిన మెసేజ్‌లో వాడిన మాటలకు క్షమించండి. దాన్ని నా రాజీనామాగా తీసుకోవద్దు. నేను ఈరోజు ఎప్పటిలాగే డ్యూటీకి వస్తున్నాను. చెప్పాల్సింది పద్ధతి ప్రకారం లెటర్‌లో ఇస్తాను."

పంపాక నిజంగానే డ్యూటీకి వెళ్లాలి. ఇది అన్నింటికంటే ముఖ్యం. "రేపటి సంది రాను" అని రాసి నిజంగా మానేస్తే, చెప్పకుండా పని వదిలేసి పోయాడని యజమాని రాసుకునే అవకాశం మనమే ఇచ్చినట్టు. అప్పుడు నోటీసు డబ్బులు కోయడానికి, రిలీవింగ్ లెటర్ ఆపడానికి అతనికి కారణం దొరుకుతుంది.

2. ఒక్కో వాక్యం పక్కన అదేమిటో రాయండి

మెసేజ్‌ను కాగితం మీద వాక్యానికో లైన్ చొప్పున రాసుకోండి. ప్రతి వాక్యం ఏదో ఒక గుంపులో పడుతుంది: నిర్ణయం, లెక్క, బాధ, బెదిరింపు.

మన అకౌంటెంట్ మెసేజ్‌లో నిర్ణయం ఒక్కటే: రేపటి నుంచి రాను. లెక్క కూడా ఒక్కటే: మే జీతం, ఇన్సెంటివ్ రావాలి. బెదిరింపు ఒకటి: బిల్లుల ముచ్చట చెప్తా. మిగిలిందంతా బాధ.

నిర్ణయం తేదీతో సహా లెటర్‌లోకి వెళ్తుంది. లెక్క అడిగే తీరు మార్చుకుని లెటర్‌లోకే వెళ్తుంది. బెదిరింపు ఎక్కడికీ వెళ్లదు. "డబ్బులు ఇవ్వకపోతే ఫలానా విషయం బయటపెడతా" అని రాతలో ఉంటే, రేపు మీ మీద కేసు పెట్టడానికి అదే ఆధారం అవుతుంది. పైగా ఆ బిల్లులు ఎంట్రీ చేసింది అకౌంటెంటే. నిజంగా బయటపెట్టాల్సిన తప్పు ఉంటే అది వేరే విషయం. మీ జీతానికి దాన్ని ముడిపెట్టకూడదు.

బాధ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. దాన్ని అలా కొట్టేయవద్దు. ఒక్కో బాధ వాక్యం వెనక మీకు నిజంగా కావాల్సింది ఏదో ఉంటుంది. "దొంగ లెక్క అడిగిన్రు" అన్న మాటలో ఈ తమ్ముడికి కావాల్సింది సార్ క్షమాపణ కాదు. రేపు తను వెళ్లిపోయాక "ప్యాకెట్లు వాడే మాయం చేసిండు" అన్న పేరు మిగలకూడదు. వరంగల్‌లో విత్తనాల వ్యాపారం చేసేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఇంకో షాపులో చేరాలంటే వాళ్లు ముందు ఫోన్ చేసేది ఈ సార్‌కే. ఆ పేరు పోవాలంటే మెసేజ్‌లో ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. స్టాక్ లెక్కించి ముగ్గురు సంతకాలు చేసిన కాగితం ఒకటి కావాలి. ఆ కాగితాన్ని అప్పగింతలో భాగంగా మర్యాదగా అడగవచ్చు, అడిగితే కాదనడం కూడా కష్టం. లెటర్‌లో దాన్ని ఎలా పెట్టామో కింద చూడండి.

అలాగే "పొద్దున తొమ్మిదికి వచ్చి రాత్రి పదింటికి పోతున్న" అన్న బాధ వెనక ఓవర్‌టైం డబ్బులు రావాల్సి ఉంటే అది లెక్కలోకి మారుతుంది. రావాల్సిందేమీ లేకపోతే వదిలేయండి. "నా విలువ తెలుస్తది" వెనక ఏమీ లేదు. దాన్ని కొట్టేయండి.

3. చివరి పనిదినాన్ని క్యాలెండర్ మీద లెక్కపెట్టండి

ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో "30 రోజులు" అని ఉందా, "ఒక నెల" అని ఉందా, "30 పనిదినాలు" అని ఉందా చూడండి. మూడింటికీ తేదీలు వేరు కావచ్చు. పనిదినాలంటే ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు కనుక నోటీసు ఐదారు వారాల దాకా సాగుతుంది.

మన కేసులో 30 రోజులు. లెటర్ ఇచ్చేది జూన్ 3. ఇచ్చిన రోజును వదిలేసి, జూన్ 4ను ఒకటో రోజుగా లెక్కపెడితే జూన్ 30 నాటికి 27 రోజులు అవుతాయి, జూలై 3 నాటికి 30. కాబట్టి చివరి పనిదినం జూలై 3. ఆ తేదీని లెటర్‌లో అంకెల్లో రాయాలి. "నెల రోజుల్లో మానేస్తాను", "వీలైనంత త్వరగా రిలీవ్ చేయండి" అని రాయవద్దు. రెండో వాక్యం రాస్తే రేపే పంపేసి, "నువ్వే అడిగినవ్ కదా" అనవచ్చు.

అన్ని రోజులు ఉండలేకపోతే రెండు దారులున్నాయి. మిగిలిన సెలవులను నోటీసులో కలుపుకోమని అడగడం ఒకటి. తక్కువపడిన రోజులకు డబ్బు కట్టడం రెండోది. నెలకు 24,000 జీతం, 20 రోజులు తక్కువ అనుకుంటే, 24,000ను 30తో భాగించి 20తో హెచ్చిస్తే 16,000 అవుతుంది. కొన్ని కంపెనీలు మొత్తం జీతం మీద లెక్కేస్తాయి, కొన్ని బేసిక్ మీద మాత్రమే. మీ లెటర్‌లో ఏముందో చూశాకే మాట్లాడండి.

ఒకచోట ఐదేళ్లు నిండబోతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. శాశ్వత ఉద్యోగంలో గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు చూస్తారు. చేరిన తేదీ ఒకసారి చూసుకోండి. మూడు వారాలు ఆగితే ఐదేళ్లు నిండుతాయంటే, కోపం ఎంత ఉన్నా ఆ మూడు వారాలు ఆగండి.

4. అప్పగింత జాబితాను లెటర్ కంటే ముందు రాయండి

లెటర్‌లో అప్పగింత గురించి ఉండేది నాలుగు వాక్యాలే. కానీ ఆ నాలుగు వాక్యాలు నిజం కావాలంటే వెనక జాబితా ఉండాలి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: పని, అది ఇప్పుడు ఎంతవరకు వచ్చింది, తర్వాతి గడువు, ఎవరికి అప్పగించాను. చివరి గడి ఖాళీగా ఉంచి అప్పగించిన రోజున సంతకం తీసుకోవాలి.

అకౌంటెంట్‌కు గడువులే ప్రాణం. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారికి మే నెల జీఎస్టీఆర్-1 గడువు జూన్ 11, జీఎస్టీఆర్-3బీ గడువు జూన్ 20. రెండూ నోటీసు లోపలే పడుతున్నాయి కనుక అవి ఇతని బాధ్యత. జూన్ నెల రిటర్న్ మాత్రం జూలై 11న. అప్పటికి ఇతను ఉండడు. ఈ తేడా రాతలో లేకపోతే జూలై 12న ఫోన్ వస్తుంది, "రిటర్న్ వెయ్యకుండ పోయినవ్" అని. కాబట్టి జూన్ 30 దాకా బిల్లులన్నీ ఎంట్రీ చేసి, జూలైలో వేయాల్సిన రిటర్న్‌కు ఫైల్ సిద్ధం చేసి ఇస్తానని రాశాం. రిటర్న్ వేస్తానని రాయలేదు.

చాలామంది మరిచిపోయేది ఫోన్ నంబర్. చిన్న సంస్థల్లో జీఎస్టీ పోర్టల్‌కు, ఈ-వే బిల్లు లాగిన్‌కు, కొన్నిసార్లు బ్యాంక్ అలర్ట్‌లకు కూడా అకౌంటెంట్ సొంత నంబరే ఇచ్చి ఉంటారు. మీరు మానేశాక కూడా ఓటీపీలు మీకే వస్తాయి. వాళ్లకు పని ఆగిపోతుంది, మీకు తలనొప్పి మిగులుతుంది, రేపు ఏ లావాదేవీలో తేడా వచ్చినా మీ నంబర్ అందులో ఉంటుంది. ఎక్కడెక్కడ మీ నంబర్, మీ మెయిల్ ఐడీ ఉన్నాయో జాబితా రాసి, నోటీసు మొదటి వారంలోనే మార్పించండి. జీఎస్టీ పోర్టల్‌లో నంబర్ మార్చడానికి సార్ సంతకం, ఆయన ఓటీపీ కావాల్సి ఉంటుంది కనుక చివరి రోజుకు వాయిదా వేయవద్దు.

పాస్‌వర్డులను వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. సార్ ముందు కూర్చుని ఆయన చేతే మార్పించి, మార్చిన తేదీని జాబితాలో రాయండి. మీ దగ్గరున్న తాళాలు, డీలర్లు ఇచ్చిన చెక్కులు, రసీదు పుస్తకాలు విడిగా రాయాలి. చెక్కులైతే నంబర్లతో సహా. డీలర్ల ఉద్దెర లిస్టును ఒక్కో డీలర్ పేరు, బాకీ మొత్తం, చివరిసారి కట్టిన తేదీతో ప్రింట్ తీయండి.

స్కూల్లోనో, జూనియర్ కాలేజీలోనో చెప్పేవాళ్లకు ఈ జాబితా వేరు. ఏ క్లాసులో ఏ పాఠం దాకా అయింది, మార్కుల రిజిస్టర్, దిద్దని పేపర్లు, ల్యాబ్ సామాను. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ దగ్గర ఉంటే, ఏవేవి ఉన్నాయో పేరుపేరునా రాసి లెటర్‌లోనే తిరిగి అడగండి.

5. లెటర్ రాయండి

వరస ఇది: రాజీనామా చేస్తున్నాననే మాట, చివరి తేదీ, ఒక కృతజ్ఞత, అప్పగింత, రావాల్సినవి. ఒక పేజీ దాటకూడదు.

కృతజ్ఞత దగ్గర ఈ తమ్ముడు మొండికేశాడు. "ఒక్క మంచి ముచ్చట రాయబుద్ధి అయితలేదన్నా" అన్నాడు. లేని ప్రేమ రాయమని నేనూ చెప్పలేదు. టాలీ ఎవరు నేర్పారని అడిగాను. ఆ సారే కూర్చోబెట్టి నేర్పారట. అది నిజం కాబట్టి అది రాశాం. మీరూ అలాగే నిజంగా జరిగిన ఒక్క విషయం రాయండి. "తండ్రిలాంటి మీ నీడలో" లాంటి మాటలు మొన్నటి గొడవ తర్వాత ఎత్తిపొడుపులా వినిపిస్తాయి.

తయారైన లెటర్:

> తేదీ: జూన్ 3
> వరంగల్
>
> గౌరవనీయులైన ప్రొప్రైటర్ గారికి,
>
> విషయం: అకౌంటెంట్ ఉద్యోగానికి రాజీనామా
>
> నమస్కారం సార్. మన సంస్థలో అకౌంటెంట్‌గా చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లోని 30 రోజుల నోటీసు ప్రకారం జూలై 3 నా చివరి పనిదినం. అప్పటిదాకా ఎప్పటిలాగే డ్యూటీకి వస్తాను.
>
> టాలీలో లెక్కలు రాయడం నాకు నేర్పింది మీరే. ఈ మూడేళ్లలో నేర్చుకున్న పనికి మీకు కృతజ్ఞతలు.
>
> మే నెల జీఎస్టీ రిటర్న్‌ల పని జూన్ 11, 20 గడువుల లోపు పూర్తి చేస్తాను. జూన్ 30 వరకు ఉన్న బిల్లులన్నీ జూలై 2 నాటికి ఎంట్రీ చేసి, జూలైలో వేయాల్సిన రిటర్న్‌కు ఫైల్ సిద్ధం చేసి ఇస్తాను. డీలర్ల బాకీల లిస్టు, చెక్కులు, లాగిన్ వివరాలు జాబితా ప్రకారం అప్పగిస్తాను. నా స్థానంలో వచ్చేవారిని జూన్ 20 నాటికి నియమిస్తే, మిగిలిన రోజులు పక్కన ఉండి పని చూపిస్తాను.
>
> అప్పగింతలో భాగంగా, గోదాంలో ఉన్న స్టాక్‌ను పుస్తకాల్లోని స్టాక్‌తో ఒకసారి కలిపి లెక్కించి, మీరు, గోదాం ఇన్‌ఛార్జి, నేను సంతకాలు చేసుకుంటే తర్వాత వచ్చేవారికి సులువుగా ఉంటుంది. జూన్ చివరి ఆదివారం వీలవుతుందేమో చెప్పగలరు.
>
> ఏప్రిల్, మే నెలల ఇన్సెంటివ్‌ను, జూలై 3 వరకు రావాల్సిన జీతాన్ని ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఇప్పించి, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలని కోరుతున్నాను.
>
> ఈ లెటర్ అందినట్టు సంతకం చేయగలరు.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, ఫోన్ నంబర్)

మే నెల జీతం ఇందులో ఎందుకు లేదని మీకు అనుమానం రావచ్చు. అది జూన్ మొదటి వారంలో ఎలాగూ రావాల్సిన జీతం. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కలిపి అడిగితే జూలై దాకా ఆపుకోమని మనమే చెప్పినట్టు అవుతుంది. దాన్ని మామూలుగా, నోటితోనే అడగండి.

కారణం రాయలేదని కూడా గమనించండి. కారణం తప్పనిసరి కాదు. "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాసినా సరే. కానీ అమ్మకు ఒంట్లో బాగాలేదని, ఊరికి వెళ్లి వ్యవసాయం చూసుకుంటానని అబద్ధం రాయవద్దు. రెండు నెలల తర్వాత స్టేషన్ రోడ్డులో ఇంకో షాపులో కనిపిస్తే ఆ లెటర్ మీద ఉన్న నమ్మకం అంతా పోతుంది.

సంస్థలో లెటర్లన్నీ ఇంగ్లిష్‌లో నడిచేట్లయితే ఇదే వరసలో ఇంగ్లిష్‌లో రాయండి. ఎవరైనా రాసిపెట్టినా తేదీలు మాత్రం మీరే సరిచూడండి.

ఈ పద్ధతి పనికిరాని సందర్భం

బలవంతంగా రాజీనామా రాయిస్తున్నా, పనిచోట లైంగిక వేధింపులు జరిగినా, నెలల తరబడి జీతం ఎగ్గొట్టినా ఇలాంటి లెటర్ ఇవ్వకండి. "ధన్యవాదాలు, నా ఇష్టంతోనే వెళ్తున్నాను" అన్న వాక్యం రేపు మీ ఫిర్యాదుకు అడ్డం వస్తుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు మామూలుగా సంఘటన జరిగిన 3 నెలల గడువు ఉంటుంది. సంస్థలో కమిటీ ఉంటే అక్కడ ఇవ్వాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వాలి. జీతం బకాయిలకు కార్మిక శాఖ ఆఫీసు ఉంది. ముందు అక్కడో, ఒక వకీలుతోనో మాట్లాడి, రాజీనామా ఎలా రాయాలో తర్వాత తేల్చుకోండి.

6. పంపే ముందు సరిచూడండి

ముందు చెప్పిన మనిషికి లెటర్ ఇచ్చి చదవమనండి. గొడవ గురించి ఏమీ చెప్పవద్దు. చదివాక రెండే అడగండి: నేను ఎప్పుడు మానేస్తున్నాను? అక్కడ ఏదైనా లొల్లి అయిందని అనిపించిందా? మొదటిదానికి తేదీ వెంటనే చెప్పాలి. రెండోదానికి లేదు అనాలి. అనుమానం వచ్చిందంటే ఏ వాక్యం దగ్గరో అడిగి, దాన్ని తిరగరాయండి.

మన తమ్ముడి మొదటి ప్రయత్నంలో స్టాక్ వాక్యం ఇలా ఉండేది: "నా నిజాయితీ రుజువు కావడానికి స్టాక్ లెక్కించాలి." చదివినావిడ వెంటనే "ఏం పోయింది?" అని అడిగింది. అందుకే "తర్వాత వచ్చేవారికి సులువుగా ఉంటుంది" అని మార్చాం. వచ్చే కాగితం అదే, సంతకాలూ అవే.

ఇలాంటి మాటలు ఉంటే వెతికి తీసేయండి: "ఎంత చేసినా", "కనీసం", "ఇప్పటికైనా", "అందరికీ తెలుసు". మర్యాదగా రాశామనుకున్న లెటర్‌లో కూడా పాత కోపం ఇలాంటి మాటల్లోనే మిగిలిపోతుంది. "రాజీనామా చేయాలనుకుంటున్నాను" అని ఉంటే "చేస్తున్నాను" అని మార్చండి. అనుకుంటున్నానంటే ఇంకా తేల్చుకోలేదని అర్థం తీసుకోవచ్చు, నోటీసు ఆ రోజు నుంచి మొదలు కాలేదని వాదించవచ్చు.

7. ఇవ్వడం, ఇచ్చినట్టు రుజువు ఉంచుకోవడం

రెండు కాపీలు ప్రింట్ తీయండి. పొద్దున షాపు తెరిచిన హడావుడిలో కాకుండా, జనం తగ్గాక సార్ చేతికి ఇవ్వండి. ముందు నోటితో ఒక్క మాట చెప్పండి, "సార్, నేను మానేస్తున్న, నెల రోజులు ఉండి అంతా అప్పగించి పోత." రెండో కాపీ మీద తేదీతో సంతకం, వీలైతే స్టాంపు వేయించుకోండి. అదే రోజు లెటర్ ఫొటోను మెయిల్‌లో గానీ వాట్సాప్‌లో గానీ సార్‌కు పంపండి.

తీసుకోనంటే గొడవ పడవద్దు. ఆ రోజే మెయిల్ చేసి, స్పీడ్ పోస్ట్‌లో సంస్థ అడ్రస్‌కు పంపి రసీదు దాచుకోండి. డ్యూటీకి మాత్రం వెళ్తూనే ఉండండి.

"అయితే రేపటి నుంచే రాకు" అంటే, వెంటనే తాళాలు ఇచ్చి బయటికి రాకండి. "సరే సార్, ఈరోజే రిలీవ్ చేస్తున్నట్టు ఒక మెసేజ్ పెట్టండి, అప్పగింత ఈరోజే చేస్తాను" అనండి. ఆ మెసేజ్ రాకపోతే మీరే పెట్టండి: "మీరు చెప్పినట్టు ఈరోజుతో నన్ను రిలీవ్ చేస్తున్నారు. నేను జూలై 3 దాకా పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను." నోటీసు తక్కువైంది మీ వల్ల కాదని దాంతో తెలుస్తుంది.

నోటీసు నెలలో పాత గొడవ మళ్లీ తీస్తారు, తోటివాళ్లు కూడా కదిలిస్తారు. లెటర్ గురించి, జీతం గురించి గ్రూపుల్లో రాయవద్దు. అప్పగింత జాబితాలో ప్రతి పని అయిన రోజునే సంతకం తీసుకోండి. అన్నీ చివరి రోజుకు పెట్టుకుంటే ఆ రోజు సార్ ఊళ్లో ఉండరు.

8. మానేశాక చూసుకోవాల్సినవి

చేతిలో ఉండాల్సిన కాగితాలు ఇవి: అందినట్టు సంతకం ఉన్న రాజీనామా కాపీ, సంతకాలున్న అప్పగింత జాబితా, స్టాక్ లెక్క కాగితం, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క. రిలీవింగ్ లెటర్‌లో చివరి తేదీ మీ లెటర్‌లోని తేదీతో కలవాలి. సెటిల్‌మెంట్ కాగితం మీద "నాకు రావాల్సిందంతా ముట్టింది" అని ఉంటే, డబ్బు అకౌంట్‌లో పడ్డాకే సంతకం చేయండి.

పీఎఫ్ కోత ఉన్నవాళ్లు యూఏఎన్ పోర్టల్‌లో మానేసిన తేదీ ఎక్కిందో లేదో చూడాలి. అది ఎక్కకపోతే డబ్బు తీసుకోవడం, కొత్త చోటికి మార్చుకోవడం ఆగిపోతాయి. యజమాని ఎక్కించకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత మీరే లాగిన్ అయి Manage కింద ఉన్న Mark Exit లో తేదీ వేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్‌కు ఓటీపీ వస్తుంది. ఒకసారి వేసిన తేదీని మార్చడం కష్టం కనుక, రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని అందులో ఉన్న తేదీనే వేయండి.